జత ఫొటోలు లేకుండానే ముఖమార్పిడి ఎలా నేర్చుకుంటుంది?

ప్రశ్న: ముఖాన్ని కుదించే ఎన్‌కోడర్ ఒకటే, దాన్ని తిరిగి గీసే డీకోడర్లు రెండు పెట్టి ముఖాలు మార్చే మోడల్‌ని ట్రైన్ చేస్తున్నాను. ఎ, బి అనే ఇద్దరిలో ఎ ముఖాలను ఎ డీకోడర్, బి ముఖాలను బి డీకోడర్ తిరిగి గీస్తున్నాయి, అంతవరకు బాగుంది. కానీ ఎ నవ్వుకు బి నవ్వు ఎలా ఉండాలో ట్రైనింగ్‌లో ఎక్కడా చూపించలేదు కదా, మరి చివర్లో డీకోడర్ మార్చగానే బి ముఖం ఎలా వస్తోంది? రెండు వేర్వేరు ఆటోఎన్‌కోడర్లతో చేస్తే పిచ్చిగీతలే వచ్చాయి. ఇంకో సమస్య: లాస్, అంటే గీసిన ముఖానికీ అసలు ముఖానికీ తేడా, బాగా తగ్గింది, అయినా మార్చిన ముఖం కళ్ళు మూయడం లేదు. ఎందుకు?

సమాధానం:

సూటిగా చెప్పాలంటే, ఈ మోడల్ మార్పిడిని నేర్చుకోదు. ట్రైనింగ్‌లో కావాలని వంకర చేసి నలిపిన ముఖాన్ని సరిచేసి గీయడం ఒక్కటే నేర్చుకుంటుంది. ఎ ముఖం తన దగ్గరికి వచ్చినప్పుడు బి డీకోడర్ దాన్ని "బాగా నలిగిన బి ముఖం" అనుకుని సరిచేస్తుంది. మార్పిడిగా మనకు కనిపించేది ఆ పొరపాటే. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది: కళ్ళు మూసుకున్న బిని మీ డేటాలో ఆ డీకోడర్ దాదాపుగా చూసి ఉండదు. చూడనిదాన్ని అది గీయలేదు, పైగా అది గీయలేకపోయిన సంగతి లాస్ మీకు చెప్పదు.

ఇప్పుడు కారణాలు. 2017 చివర్లో రెడిట్‌లో బయటికొచ్చిన తొలి ప్రోగ్రామ్‌నే ఆధారంగా తీసుకుంటాను. తర్వాత వచ్చిన ఫేస్‌స్వాప్, డీప్‌ఫేస్‌ల్యాబ్ వంటివి దాని మీద పెరిగినవే, చిన్నది కాబట్టి అందులో విషయం స్పష్టంగా కనబడుతుంది. అందులో ట్రైనింగ్ సారాంశం ఇంతే:

```python
for it in range(n_iter):
    warped_A, target_A = get_batch(faces_A)
    warped_B, target_B = get_batch(faces_B)
    loss_A = autoencoder_A.train_on_batch(warped_A, target_A)
    loss_B = autoencoder_B.train_on_batch(warped_B, target_B)

swapped = decoder_B.predict(encoder.predict(face_A))
```

లూప్ లోపల మార్పిడి అన్న మాటే లేదు. ఎ బ్యాచ్ వచ్చినప్పుడు ఎన్‌కోడర్ వెయిట్లు, ఎ డీకోడర్ వెయిట్లు మారతాయి. బి బ్యాచ్ వచ్చినప్పుడు అదే ఎన్‌కోడర్, బి డీకోడర్ మారతాయి. చివరి వరుసలో ఉన్న దారి, అంటే ఎ ముఖం నుంచి బి డీకోడర్‌కు వెళ్ళే దారి, ట్రైనింగ్‌లో ఒక్కసారి కూడా నడవనిది. దాని మీద ఏ లాస్ కూడా లెక్కించలేదు.

ఎన్‌కోడర్ ఎందుకు ఒక్కటే ఉండాలి? ఆ మోడల్‌లో 64×64 రంగు చిత్రం లోపలికి వెళ్తుంది, అంటే 12,288 సంఖ్యలు. నాలుగు కన్వల్యూషన్ పొరలు దాటాక అది 1024 సంఖ్యలకు కుదించబడుతుంది. ఈ 1024 సంఖ్యలను ఇక్కడ కోడ్ అని పిలుద్దాం. మీరు రెండు వేర్వేరు ఆటోఎన్‌కోడర్లు పెట్టినప్పుడు, ఒకదాని కోడ్‌లో ఫలానా సంఖ్య నోరు ఎంత తెరుచుకుందో చెబుతుంటే, రెండోదానిలో అదే స్థానంలోని సంఖ్య తల ఎటు తిరిగిందో చెబుతుంటుంది. యాదృచ్ఛికమైన వెయిట్లతో మొదలైన రెండు నెట్‌వర్క్‌లు ఒకే ఏర్పాటుకు రావాలని ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు పిచ్చిగీతలు వచ్చాయి. ఎన్‌కోడర్ ఒక్కటే అయితే, తెరిచిన నోటిని గుర్తుపట్టే ఫిల్టర్లు ఇద్దరికీ అవే. ఎ నోరు తెరిచినా బి నోరు తెరిచినా కోడ్‌లో కదలిక ఇంచుమించు ఒకే దిశలో ఉంటుంది. దానికి బి డీకోడర్ బి నోటిని తెరవడం నేర్చుకుని ఉంటుంది.

మరి ఎవరి ముఖమన్నది ఎక్కడ నిలవ ఉంటుంది? ఎక్కువ భాగం డీకోడర్ వెయిట్లలో. బి డీకోడర్ చూసే ప్రతి చిత్రంలోనూ ముక్కు బిదే, గడ్డం బిదే. మారనిదాన్ని ప్రతిసారీ కోడ్‌లో రాసి పంపితే లాస్ ఏమీ తగ్గదు, డీకోడర్ దాన్ని ఒకసారి తన వెయిట్లలో పెట్టుకుంటే చాలు. మారేవి మాత్రం కోడ్ ద్వారా రావలసిందే: తల తిరిగిన కోణం, కనురెప్పలు, పెదవులు, వెలుగు పడే దిక్కు. ఒకే మనిషి బొమ్మలు గీయడం తప్ప మరేదీ రాని చిత్రకారుడికి "ఎడమకు తిరిగి, నోరు సగం తెరిచి" అని చీటీ పంపితే, చీటీ ఎవరిని చూసి రాసినా అతను తనకు తెలిసిన ముఖాన్నే గీస్తాడు.

చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోయి, "ఎన్‌కోడర్ గుర్తింపును తీసేసి హావభావాన్ని మాత్రమే ఉంచుతుంది" అని ముగిస్తాయి. అది నిజం కాదు. గుర్తింపును తీసేయమని లాస్‌లో ఎక్కడా లేదు. కోడ్‌లో రాయడం వల్ల లాభం లేదన్నది వేరు, రాయకూడదన్న నిషేధం వేరు. ఒక మామూలు లీనియర్ క్లాసిఫయర్‌కు ఈ కోడ్‌లు ఇచ్చి, ఇది ఎవరిదో చెప్పమని ట్రైన్ చేసి చూడండి, చాలా సందర్భాల్లో బాగానే చెప్పేస్తుంది. కాబట్టి అసలు విషయం ఆ తేడా ఉందా లేదా అన్నది కాదు, అది ఎంత పెద్దది అన్నది. కొద్దిపాటి తేడా అయితే బి డీకోడర్ తట్టుకుంటుంది. తేడా పెరిగేకొద్దీ అది ఎన్నడూ చూడని ప్రాంతంలోకి వెళ్తుంది, అక్కడ ఏం గీస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆ తేడాను తగ్గించేది వార్పింగ్. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం ఇదే, కొత్తవాళ్ళు దీన్ని డేటాను పెంచే మామూలు ఆగ్మెంటేషన్ అనుకుని తేలిగ్గా తీసుకుంటారు. పై ప్రోగ్రామ్‌లో `warped_A`, `target_A` రెండూ వేరని గమనించండి. 256×256 ముఖచిత్రం నడిమి భాగం మీద 5×5 బిందువుల వల పరుస్తారు. ఆ 25 బిందువుల్లో ఒక్కొక్కదాన్ని విడివిడిగా, సుమారు 5 పిక్సెళ్ల ప్రామాణిక విచలనంతో యాదృచ్ఛికంగా జరుపుతారు. ఆ నడిమి భాగం సగానికి కుదించి 64×64 చేశాక అది రెండున్నర పిక్సెళ్లకు సమానం. వినడానికి కొంచెమే, కానీ అంత చిన్న చిత్రంలో కళ్ళ మధ్య దూరం, దవడ వెడల్పు, ముక్కు పొడవు మనిషికీ మనిషికీ మారేది కూడా ఆ స్థాయిలోనే. ఇలా నలిపిన ముఖం లోపలికి వెళ్తుంది. బయటికి రావలసింది మాత్రం నలగని ముఖం.

దీనివల్ల రెండు పనులు జరుగుతాయి. మొదటిది, పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టు మోసుకుపోయే సులువు దారి మూసుకుపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. లోపలికి వచ్చిన ముఖంలో దవడ ఎంత వెడల్పుగా ఉందన్న సమాచారం నమ్మదగ్గది కాదని మోడల్‌కు తెలిసిపోతుంది, ఎందుకంటే ఒకే ఫ్రేమ్ ప్రతిసారీ ఒక్కో వెడల్పుతో వస్తుంది. అందుకే బి డీకోడర్ వచ్చిన కొలతలను పట్టించుకోకుండా బి అసలు కొలతలను వేయడం అలవాటు చేసుకుంటుంది. ఇక ఎ ముఖం వచ్చినప్పుడు, కళ్ళు కాస్త దగ్గరగా, దవడ కాస్త వెడల్పుగా ఉన్న ముఖం దానికి కొత్తేమీ కాదు. అలా నలిగిన బి ముఖాలను అది వేలసార్లు సరిచేసింది.

అనుమానముంటే వార్పింగ్ తీసేసి ఒకసారి ట్రైన్ చేయండి. లాస్ ఇంకా త్వరగా, ఇంకా కిందికి దిగుతుంది. మార్పిడి మాత్రం పాడవుతుంది: ఎ రూపురేఖల మీద బి చర్మం పూసినట్టు, ఇద్దరిలో ఎవరిదీ కాని ముఖం వస్తుంది.

రంగు కూడా అంతే ముఖ్యం. ఎ ఫుటేజీ పసుపు వెలుగులో, బి ఫుటేజీ నీలిరంగు వెలుగులో ఉందనుకోండి. తిరిగి గీయాలంటే రంగు తెలియాలి కాబట్టి ఎన్‌కోడర్ దాన్ని కోడ్‌లో రాస్తుంది. అప్పుడు పసుపు అన్న సంకేతం ఎతో మాత్రమే వస్తుంది, బి డీకోడర్‌కు అది అపరిచితం. వార్పింగ్ ఆకారంలో దగ్గర చేసిన ఇద్దరినీ రంగు మళ్ళీ విడదీస్తుంది. తొలి ప్రోగ్రామ్ రాసిన మనిషికి ఇది తెలుసు. ట్రైనింగ్‌కు ముందు అతను ఈ వరుస పెట్టాడు:

```python
images_A += images_B.mean(axis=(0,1,2)) - images_A.mean(axis=(0,1,2))
```

ఎ చిత్రాలన్నిటి సగటు రంగును బి సగటు రంగుకు జరపడమే ఇది. ఇదొక్కటే సరిపోదు, కానీ తీసేస్తే తేడా కంటికి తెలుస్తుంది. ముఖాలను కత్తిరించి నిలబెట్టే తీరు, అంటే కళ్ళు, ముక్కు ప్రతి చిత్రంలో ఇంచుమించు ఒకే చోట ఉండేలా ల్యాండ్‌మార్కులతో అలైన్ చేయడం కూడా ఇద్దరికీ ఒకే పద్ధతిలో జరగాలి. ఒకరిని నుదుటి దాకా, ఇంకొకరిని కనుబొమల దాకా కత్తిరిస్తే ఆ తేడాయే ఒక గుర్తింపు కార్డు అయిపోతుంది.

ఇప్పుడు మీ కళ్ళ సంగతి. నేను పనిచేసేది విజువల్ ఎఫెక్ట్స్‌లో. డూప్ ముఖం మీద నటుడి ముఖం పెట్టే పని మాకు తరచుగా వస్తుంది. ఇద్దరి లిఖితపూర్వక అంగీకారం లేకుండా ఫైలు తెరవం, మీరూ తెరవకండి. ఒక షాట్‌లో డూప్ రాత్రిపూట మెట్లు దిగుతూ కిందికి చూస్తాడు. డూప్ ఎ, నటుడు బి. నటుడిది మా దగ్గరున్న ఫుటేజీ అంతా కెమెరా వైపు చూస్తూ మాట్లాడినది, సమంగా వెలుగు పడినది. ఫ్రేముల సంఖ్యకు కొరత లేదు, కానీ వాటిలో చాలావరకు ఒకే ఫ్రేముకు నకళ్ళలాంటివి.

రెండు లాస్‌లూ 0.02 దగ్గర నిలిచాయి. సున్నా నుంచి ఒకటి వరకున్న స్కేలు మీద 0.02 అంటే 255 స్థాయిల్లో సగటున 5 స్థాయిల తేడా, చూడటానికి మంచి అంకె. అయినా మెట్లు దిగుతున్న ఫ్రేముల్లో నటుడి కళ్ళు సగం తెరిచి, కనుపాపలు ఎదురుగా చూస్తూ ఉండేవి. తల కిందికి, చూపు ముందుకు, చూస్తే భయం వేసేలా.

ఇలాంటప్పుడు మొదట చూడవలసింది ప్రివ్యూలో ఎ ముఖాన్ని ఎ డీకోడరే గీసిన చిత్రం. మా విషయంలో అందులో డూప్ కనురెప్పలు చక్కగా వాలి ఉన్నాయి. అంటే రెప్పలు వాలిన సంగతి ఎన్‌కోడర్ నుంచి కోడ్‌లోకి చేరింది, చదవడం చేతకానిది బి డీకోడర్‌కు. ఒకవేళ ఎ నుంచి ఎకు వచ్చిన చిత్రంలోనే కళ్ళు తప్పుగా ఉంటే లోపం ముందే ఉంది: అలైన్‌మెంట్ తప్పి ఉండాలి, లేదా ఎ డేటాలోనే అలాంటి ఫ్రేములు తక్కువై ఉండాలి. ఇక కొన్ని ఫ్రేములు కాకుండా ఎ నుంచి బికి వచ్చే ఫ్రేములన్నీ మసకగా, రంగు తప్పి ఉంటే డేటాలో ఖాళీ ఉందని కాదు, ఇద్దరి కోడ్‌లు మొత్తంగా విడిపోయాయని అర్థం. అప్పుడు రంగునూ, కత్తిరింపునూ చూసుకోవాలి.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. సమస్య ఉన్న ఎ ఫ్రేమ్ కోడ్ తీసుకుని, బి ఫ్రేములన్నిటి కోడ్‌లలో దానికి అతి దగ్గరగా ఉన్న కొన్నింటిని వెతికి, ఆ బి చిత్రాలను తెరిచి చూడండి. నవ్వుతున్న ఎకు దగ్గరగా నవ్వుతున్న బి ఫ్రేములు వస్తే అంతా సవ్యం. మా మెట్ల ఫ్రేముకు దగ్గరగా వచ్చినవి నటుడు ఎదురుగా చూస్తూ, తల కొద్దిగా వంచి, కాస్త చీకటిగా ఉన్న ఫ్రేములు. డీకోడర్ సరిగ్గా వాటినే గీస్తోంది. కిందికి చూస్తూ రెప్పలు వాల్చిన బి ఫ్రేమ్ ఆ గుంపులో ఒక్కటీ లేదు, ఎందుకంటే డేటాలోనే లేదు.

మీ డేటాలోనూ ఇదే జరిగి ఉంటుందని నా అంచనా. ఇంటర్‌నెట్‌లో దొరికే ఫొటోల్లో కళ్ళు మూసినవి అరుదు, రెప్ప పడిన ఫొటోను ఎవరు పెట్టుకుంటారు? 2018లో పరిశోధకుడు సివే ల్యూ బృందం రెప్పపాట్లు లేకపోవడాన్ని బట్టి నకిలీ వీడియోలను పట్టుకునే పద్ధతిని ప్రచురించింది కూడా ఈ లోటును ఆధారం చేసుకునే. వీడియో నుంచి ఫ్రేములు తీస్తే రెప్పపాట్లు దొరుకుతాయి, కానీ మసకగా ఉన్నాయని ఫిల్టర్ చేసేటప్పుడు అవే ముందు ఎగిరిపోతాయి. మీ తీసేసిన ఫ్రేముల ఫోల్డరు ఒకసారి తిరగేయండి.

మేము నటుడిని అడిగి కొత్తగా కొంచెం ఫుటేజీ తీసుకున్నాం. నెమ్మదిగా కిందికి చూసి పైకి రావడం, కళ్ళు పూర్తిగా మూసి తెరవడం, తల ఎడమకు, కుడికి తిప్పుతూ అదే మళ్ళీ చేయడం, ఒకే పక్కనుంచి దీపం పెట్టి ఇంకోసారి. వాటిని పాత డేటాలో కలిపి, ఉన్న వెయిట్ల నుంచే ట్రైనింగ్ కొనసాగించాం. మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఎన్‌కోడర్‌కు రెప్పలు చదవడం ముందే వచ్చు. నేర్చుకోవలసింది బి డీకోడర్ ఒక్కటే కాబట్టి రెప్పలు తొందరగానే వాలాయి. అయితే పాత ఫ్రేముల రాశిలో కొత్తవి కలిసిపోయి అరుదుగా వస్తుంటే పని నెమ్మదిస్తుంది. పాతవాటిలో ఒకేలా ఉన్నవాటిని పలచన చేయడం, కొత్తవి బ్యాచ్‌లలో తరచుగా వచ్చేలా చూడటం మంచిది.

వెలుగు విషయంలో చిన్న హెచ్చరిక. డూప్ ముఖం మీద దీపం కుడివైపు నుంచి, నటుడి ఫుటేజీలో ఎడమవైపు నుంచి ఉంటే, చిత్రాలను అద్దంలోలా అడ్డంగా తిప్పే ఆగ్మెంటేషన్ ఆ లోటు తీరుస్తుంది. తొలి ప్రోగ్రామ్‌లో అది 0.4 సంభావ్యతతో ఉండేది. కానీ బికి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటే డీకోడర్ దాన్ని రెండు చెంపల మీదా చూస్తుంది, ఆఖరికి రెండువైపులా వెలిసిపోయిన మచ్చలు వేస్తుంది. ముఖం రెండు పక్కలా కాస్త వేరుగా ఉన్న వాళ్ళ విషయంలో పోలికే తగ్గిపోతుంది. అలాంటివాళ్ళకు నేను దాన్ని ఆపేసి, ఆ వెలుగులో ఫుటేజీ అడుగుతాను.

ఇక ఏ డేటాతోనూ తీరనివి కొన్ని ఉన్నాయి. ఎ చెయ్యి ముఖానికి అడ్డం వస్తే బి డీకోడర్ చేతిని గీయలేదు, దాని కింద మసక చర్మం వేస్తుంది. అక్కడ కొత్త ముఖం అతికే ప్రాంతపు హద్దును, అంటే మాస్క్‌ను, చేతితో గీసి అసలు చేతిని పైకి తేవాలి. ఈ తొలి మోడల్ మార్చేది కనుబొమల నుంచి గడ్డం దాకానే కాబట్టి తల ఆకారం, చెవులు, జుట్టు ఎకు చెందినవే మిగులుతాయి. డూప్‌ను ఎంచుకునేటప్పుడు ముఖం కంటే పుర్రె ఆకారం కలవడం చూడమని నేను చెప్పేది అందుకే. 64×64 మోడల్ గీసిన ముఖాన్ని తెర మీద నాలుగింతలు పెద్దది చేసి అతికిస్తే మసక తప్పదు, ఎంతసేపు ట్రైన్ చేసినా సరే.

మీరు డీప్‌ఫేస్‌ల్యాబ్ వాడుతున్నట్టయితే, మనం మాట్లాడుకున్నది అందులోని డీఎఫ్ నిర్మాణం. ఎల్ఐఏఈ అన్న ఇంకొకదానిలో డీకోడర్ ఒక్కటే ఉంటుంది, ఇద్దరినీ విడదీసే పని మధ్య పొరలు చేస్తాయి. అది వెలుగుకు బాగా ఒదుగుతుంది, కానీ పోలిక కొంత ఎ వైపు జారే గుణం ఉంది. ఒకే ఫొటో ఇస్తే ముఖం మార్చే ఇప్పటి పరికరాలు వేరే సూత్రం మీద, ముందే వేలమంది ముఖాలతో ట్రైన్ అయి పనిచేస్తాయి. పైన చెప్పింది వాటికి వర్తించదు.

బి ఫుటేజీ కొత్తగా దొరికే అవకాశం మీకు లేకపోతే, ఆ కళ్ళు మూసే ఫ్రేముల కోసం ట్రైనింగ్ పొడిగిస్తూ పోకండి. వాటిలో మాస్క్‌ను కళ్ళ దగ్గర వెనక్కి లాగి ఎ కనురెప్పలనే ఉంచేయండి, రంగు కలపండి. రెప్ప మూసి ఉండే ఆ కొద్ది ఫ్రేముల్లో అది ఎవరి రెప్పో ప్రేక్షకుడు పోల్చలేడు. కిందికి చూస్తూ ఎక్కువసేపు నిలిచే షాట్ అయితే మాత్రం ఈ కిటుకు పట్టుబడుతుంది, అలాంటిదాన్ని దూరపు కోణంలో తీయించుకోవడం తేలిక.